మరిది కూతుర్ని మా అత్తగారు మా ఒళ్లో పెట్టారు, స్టాంపు కాగితం కూడా రాసుకున్నాం. ఇది దత్తతేనా?

గాజువాక సుజాత
అందరికీ నమస్కారం. మాకు పిల్లల్లేరు. మా మరిదికి ముగ్గురూ ఆడపిల్లలే. మూడో పాప 2019లో పుట్టింది. పదకొండు నెలలప్పుడు మా అత్తగారు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో, నలుగురు పెద్దమనుషుల ముందు పాపని నా ఒళ్లో పెట్టి "ఇక నీ కూతురే" అన్నారు. ఆ రోజు మా తోడికోడలు ఒంట్లో బాగోక హాస్పిటల్లో ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మావారు, మరిది, ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. అప్పటి నుంచి పాప మా దగ్గరే ఉంది, మమ్మల్నే అమ్మా నాన్నా అంటుంది.

ఇప్పుడు స్కూల్లో ఆధార్, బర్త్ సర్టిఫికెట్ అడిగారు. రెండింట్లోనూ మరిది, తోడికోడలి పేర్లే ఉన్నాయి. మా పేర్లు వేయమంటే స్టాంపు కాగితం చెల్లదన్నారు. ఊరందరికీ తెలిసిన విషయం, రాతపూర్వకంగా కూడా ఉంది, ఎందుకు చెల్లదు? పేర్లు మార్చాలంటే ఏం చేయాలి?

సింహగిరి శ్రీను
మేడమ్, నేను చాలా ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. మీది నోటరీ కాగితమో ఉత్త స్టాంపు కాగితమో అయి ఉంటుంది, అందుకే తీసుకోలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత దస్తావేజు రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది. మరిదిగారు వచ్చి సంతకం పెడితే చాలు. పాత తేదీ స్టాంపు కాగితం ఇంకోటి దొరికితే అప్పటి సంగతి అందులోనే సరిగ్గా రాసుకోవచ్చు.

ఎంవీపీ లావణ్య
సుజాతగారూ, టెన్షన్ పడకండి. మేమూ ఇదే దారిలో ఉన్నాం. ముందు దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్లో రిజిస్టర్ అవ్వండి, తర్వాత ఇంటికి వచ్చి హోమ్ స్టడీ చేస్తారు, అది మూడేళ్లు చెల్లుతుంది. పాప ఫోటో, వివరాలు ఫోన్లోకి వస్తాయి, 48 గంటల్లోపు రిజర్వ్ చేసుకోవాలి. మాకు వెయిటింగ్ ఇంకా నడుస్తోంది, శిశుగృహ నుంచి ఎప్పుడు ఫోన్ వస్తుందా అని చూస్తున్నాం.

గాజువాక సుజాత
లావణ్యగారూ, మీకు త్వరగా పాప రావాలి. కానీ మాకు పాప ఇంట్లోనే ఉందండి. కాగితాల గురించే అడుగుతున్నాను.

మహారాణిపేట ప్లీడరు
సుజాతగారూ, ముందు మీ కాగితంలో ఏం రాశారో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టగలరా? పేర్లు తీసేసి. దాన్నిబట్టి చెబుతాను.

శ్రీనుగారూ, పాత తేదీ కాగితం మాట మాత్రం వెనక్కి తీసుకోండి. అది తప్పుడు పత్రం సృష్టించడమే అవుతుంది. రేపు కోర్టులో బయటపడితే పాప కేసుతో పాటు ఈ దంపతులు కూడా ఇరుక్కుంటారు.

గాజువాక సుజాత
"మా మూడవ కుమార్తెను మా అన్నావదినలకు పెంచుకొనుటకు ఇష్టపూర్వకముగా అప్పగించడమైనది, ఇకపై ఆమె బాగోగులు వారివే, మాకెట్టి సంబంధము లేదు" అని ఉందండి. కింద మరిది సంతకం, మావారి సంతకం, అత్తగారి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు.

మహారాణిపేట ప్లీడరు
మీ సంగతి హిందూ దత్తత, భరణ చట్టం, 1956 కిందికి వస్తుంది. ఆ చట్టం బిడ్డను దత్తత ఇచ్చే హక్కు ఎవరికుందో చాలా కచ్చితంగా చెప్పింది. తండ్రి, తల్లి, లేదా కొన్ని పరిస్థితుల్లో కోర్టు అనుమతి పొందిన సంరక్షకుడు. అంతే. నానమ్మ, తాతయ్య, మేనమామ, ఊరి పెద్ద, వీళ్లెవరికీ ఆ హక్కు లేదు. మీ అత్తగారు ఎంత ప్రేమతో ఒళ్లో పెట్టినా చట్టం లెక్కలో ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేదు.

తండ్రి సంతకం ఉంది కదా అనొచ్చు. తండ్రి ఇవ్వాలన్నా తల్లి సమ్మతి కావాలి, తల్లి ఇవ్వాలన్నా తండ్రి సమ్మతి కావాలి. ఆమె సన్యసించినా, మతం మారినా, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినా తప్ప ఆ సమ్మతి లేకుండా కుదరదు. హాస్పిటల్లో ఉండటం అందులో ఏదీ కాదు. మీ తోడికోడలు ఆ రోజు అక్కడ లేరు, కాగితంలో లేరు. ఈ చట్టం షరతులకు విరుద్ధంగా జరిగిన దత్తత చెల్లదని అదే చట్టం చెబుతోంది. తర్వాత ఆరేళ్లు ఎవరూ అభ్యంతరం చెప్పకపోయినా చెల్లని దత్తత చెల్లుబాటు కాదు.

ఒక్క విషయం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇష్టపడి, అక్కడే ఉండి, ముసలావిడ చేతుల మీదుగా బిడ్డను అందించమంటే అది వేరు. చేత్తో అందించే పని ఇంకొకరికి అప్పజెప్పవచ్చు. ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం మాత్రం అప్పజెప్పడానికి లేదు.

సింహగిరి శ్రీను
అయితే రిజిస్టర్డ్ దస్తావేజుకి విలువ లేదంటారా? మేం రాసినవి ఎన్నో చెల్లాయి కదండీ.

మహారాణిపేట ప్లీడరు
విలువ ఉంది శ్రీనుగారూ, మీరన్నదాంట్లో సగం నిజమే. ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ సంతకం చేసిన రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే దత్తత సక్రమంగా జరిగిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదన్నవాళ్లు అది తప్పని రుజువు చేయాలి. కానీ తల్లి సమ్మతే లేదనీ, బిడ్డను ఇవ్వడం తీసుకోవడం జరగనేలేదనీ రుజువైతే ఆ రిజిస్ట్రేషన్ నిలబడదు. దత్త హోమం కూడా తప్పనిసరి కాదు, చాలామంది అదే ముఖ్యమనుకుంటారు. అసలు ముఖ్యం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ జరగడం, దాన్ని చూసిన సాక్షులు ఉండటం.

నర్సీపట్నం హేమ
నా సంగతి చెబుతాను, ఎందుకంటే సుజాతగారి పాప స్థానంలో నేను ఉన్నాను. మా పెద్దమ్మ, పెదనాన్న నన్ను చిన్నప్పటి నుంచీ పెంచారు. పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు పెదనాన్నదే. రేషన్ కార్డులో కూతురనే ఉంది. నా పెళ్లి శుభలేఖలో, పీటల మీద కన్యాదానంలో అంతా ఆయనే. ఆయన పోయాక బ్యాంకులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అడిగారు. తాసిల్దార్ ఆఫీసులో విచారణకి వచ్చినప్పుడు ఆయన తమ్ముడి కొడుకు లేచి "ఈమె వాళ్ల కూతురు కాదు, దత్తత కాగితం చూపించండి" అన్నాడు. మా దగ్గర లేదు. ఇల్లు పెద్దమ్మ పేరు మీదకి మాత్రమే వెళ్లింది. ఆమె ఉన్నంతవరకూ పర్లేదు, ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. ఆస్తి గురించి కాదు, నలుగురిలో "కూతురు కాదు" అన్నప్పుడు పడ్డ బాధ మాటల్లో చెప్పలేను.

మహారాణిపేట ప్లీడరు
హేమగారూ, మీ పెద్దమ్మగారు ఉండగానే ఆవిడ చేత వీలునామా రాయించండి, దయచేసి ఆలస్యం చేయకండి.

మీ కథలాంటిదే 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్ సివిల్ కోర్టులో మొదలైన కేసు. కన్నవాళ్లు పోయిన అమ్మాయిని పెద్దమ్మ దంపతులు పెంచారు. చదువు రికార్డుల్లో తల్లిదండ్రులుగా వాళ్ల పేర్లే ఉన్నాయి. పెంచిన తండ్రి పోయాక ఆమె దత్తపుత్రికగా వాటా అడిగింది. పెంచిన తల్లే తాము దత్తత తీసుకోలేదని కోర్టులో చెప్పింది. ఇచ్చి పుచ్చుకున్నట్టు గానీ, దత్తతకి భార్య సమ్మతించినట్టు గానీ రుజువు లేదని సుప్రీంకోర్టు ఆమె దావాని ఒప్పుకోలేదు. పెంచడం వేరు, దత్తత వేరు. స్కూల్ రికార్డు పెంపకానికి సాక్ష్యమవుతుంది గానీ దత్తతని పుట్టించలేదు.

సుజాతగారూ, మీకు ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. మీ ఫ్లాట్ మీవారి పేరు మీద ఉందనుకుందాం. వీలునామా లేకుండా ఆయనకేమైనా అయితే మీకు సగం, మీ అత్తగారికి సగం వస్తుంది. పాపకి ఏమీ రాదు. మీ తర్వాత మీ సగం కూడా వీలునామా లేకపోతే మీవారి తరఫు వారసులకే వెళ్తుంది. మీరు కన్నకూతురిలా పెంచిన పాప ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. ఇంకోటి, రేపు మరిది దంపతులు మనసు మార్చుకుని పాపని ఇచ్చేయమంటే చట్టప్రకారం తల్లిదండ్రులు ఇప్పటికీ వాళ్లే. కస్టడీ కేసులో కోర్టు పాప క్షేమం చూస్తుంది, ఆరేళ్ల పెంపకాన్నీ చూస్తుంది, కాబట్టి చేతిలోంచి లాక్కుపోరు. కానీ ఆ పోరాటం మీరు తల్లిదండ్రులుగా చేయలేరు, పెదనాన్న పెద్దమ్మలుగానే చేయాలి.

గాజువాక సుజాత
చదువుతుంటే చేతులు వణికాయి. ఇప్పుడు దారి ఏంటి సార్? మా తోడికోడలు పాప మీ దగ్గరే ఉండనీ అక్కా అంటుంది గానీ, కాగితం మాట ఎత్తితే మౌనంగా ఉంటుంది.

మహారాణిపేట ప్లీడరు
రెండు దారులున్నాయి. రెండింటికీ మీ తోడికోడలి సమ్మతి కావాలి, అది తప్పించుకునే దారి లేదు.

మొదటిది హిందూ చట్టం కింద ఇప్పుడు కొత్తగా, సక్రమంగా దత్తత చేసుకోవడం. పాప పదిహేనేళ్లు నిండకుండా ఉండాలి, ఉంది. ఆడపిల్లని తీసుకునేటప్పుడు మీకు కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉండకూడదు, లేరు. మీవారికీ పాపకీ కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. నలుగురూ ఒకచోట కూర్చుని, కన్నవాళ్లిద్దరూ దత్తతకి ఇస్తున్నాం అని చెప్పి పాపని ఇవ్వాలి, మీరిద్దరూ తీసుకోవాలి. ఫోటోలు, సాక్షులు ఉండనివ్వండి. తర్వాత నలుగురి సంతకాలతో దస్తావేజు రిజిస్టర్ చేయించండి. అందులో ఇవాళ జరిగింది ఇవాళ జరిగినట్టే రాయాలి. పెంపకం 2020 నుంచి అని వేరే వాక్యంలో రాసుకోవచ్చు, దత్తత తేదీ మాత్రం ఇవాళ్టిదే. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఏ రూపంలోనూ ఉండకూడదు, అది నేరం.

రెండోది జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద బంధువుల దత్తత. ఆ చట్టం బంధువు అంటే ఎవరో చెప్పింది. బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతలు, అమ్మమ్మ, నానమ్మ. మీరు పెదనాన్న పెద్దమ్మలు కాబట్టి సరిపోతారు. కారా వాళ్ల కేరింగ్స్ పోర్టల్లో బంధువుల దత్తతగా రిజిస్టర్ అవ్వాలి. కన్నవాళ్ల సమ్మతి పత్రం, మీ బంధుత్వం, ఆర్థిక స్థితి తెలిపే అఫిడవిట్ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, అదే డీసీపీయూకి ఇస్తే వాళ్లు కలెక్టర్‌కి పంపుతారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరే. రెండు నెలల్లో తేల్చాలని చట్టం. లావణ్యగారు చెప్పిన వెయిటింగ్ దీనికి ఉండదు, మీ పాప ఎవరో ముందే తెలుసు కాబట్టి. మీ పాప ఊరు శ్రీకాకుళం, ఉంటున్నది విశాఖ. ఏ జిల్లాలో వేయాలో ముందే డీసీపీయూలో అడిగి మొదలెట్టండి. ఆ ఉత్తర్వు వచ్చాక బర్త్ సర్టిఫికెట్లో తల్లిదండ్రులుగా మీ పేర్లు వస్తాయి, తర్వాత ఆధార్, స్కూలు రికార్డు దాని వెంట మారతాయి.

ఎంవీపీ లావణ్య
ఈ రెండింట్లో ఏది మంచిది?

మహారాణిపేట ప్లీడరు
నన్నడిగితే కలెక్టర్ ఉత్తర్వు. రేపు ఎవరైనా బంధువు లేచి "ఇవ్వడం పుచ్చుకోవడం జరగలేదు" అన్నా సాక్షుల్ని వెతుక్కోనక్కర్లేదు. కానీ అందులో ఒక సంగతి ఉంది. బిడ్డకి అయిదేళ్లు దాటితే బిడ్డ సమ్మతి కూడా తీసుకోవాలి.

గాజువాక సుజాత
పాపకి తెలీదు సార్. మరిదిని బాబాయి అనే పిలుస్తుంది.

నర్సీపట్నం హేమ
చెప్పండి సుజాతగారూ. నాకు పదో తరగతి హాల్ టికెట్ వచ్చిన రోజు మా అత్తయ్య నోట్లోంచి జారింది. ఇంట్లో చెప్పి ఉంటే అంత గాయం అయ్యేది కాదు. ఆరేళ్ల పిల్ల "నిన్ను పిన్ని కన్నది, మేం పెంచుకుంటున్నాం" అంటే అర్థం చేసుకుంటుంది.

సింహగిరి శ్రీను
నేను ఒప్పుకోను. అంత చిన్న పిల్లకి ఆఫీసులో చెప్పించడం ఏంటి? దస్తావేజు దారైతే ఈ బాధ ఉండదు. సారు చెప్పినట్టు నలుగురి సంతకాలతో చేస్తే బలంగానే ఉంటుంది కదా. పాస్‌పోర్టుకి కూడా రిజిస్టర్డ్ దత్తత దస్తావేజు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మహారాణిపేట ప్లీడరు
శ్రీనుగారి మాటలో న్యాయం లేకపోలేదు, ఇది తల్లిదండ్రులు తేల్చుకోవాల్సింది. అయితే ఏ దారిలో వెళ్లినా పాపకి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది.

మీ తోడికోడలి మౌనం గురించి. ఆమెను బలవంతం చేయకండి. బెదిరించి, పెద్దల చేత చెప్పించి పెట్టించిన సంతకం తర్వాత కోర్టులో సమ్మతి కాదని తేలితే మళ్లీ మొదటికే. సక్రమంగా జరిగిన దత్తతని కన్నవాళ్లూ, పెంచినవాళ్లూ ఎవరూ రద్దు చేసుకోలేరు. అది ఆమెకు నేరుగా చెప్పాలి. ఆమె భయం దేనికో కనుక్కోండి. పిల్లకి పుట్టింటి పొలంలో వాటా పోతుందనా? దత్తత తర్వాత కన్నవాళ్ల వారసత్వం పోతుంది, నిజమే. అప్పటికే పాప పేరు మీదకి వచ్చిన ఆస్తి మాత్రం పాపదే. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చిన వాటా నిలుస్తుందా పోతుందా అన్నదాని మీద హైకోర్టులే ఒకేలా చెప్పలేదు. కాబట్టి ఆమె ఆ ప్రశ్న అడిగితే "ఏమీ పోదు" అని మాట ఇవ్వకండి.

ఈలోపు మీరిద్దరూ చెరొక వీలునామా రాసుకోండి. "మా కూతురికి" అని మాత్రమే రాస్తే రేపు కూతురెవరని తగువు వస్తుంది. పాప పేరు, పుట్టిన తేదీ, ఎవరి కూతురో రాసి, మేము పెంచుకుంటున్న అని చేర్చండి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఇన్సూరెన్సులో నామినీగా పెట్టామని ఊరుకోవద్దు.

వాల్తేరు జాన్
మాది వేరే పరిస్థితి. మేము క్రైస్తవులం. మా అక్క 2024లో కాన్పు తర్వాత పోయింది. బాబు అప్పటి నుంచి మా ఇంట్లోనే. బావ దుబాయిలో పని చేస్తున్నాడు, మేం తీసుకోవడం ఆయనకి ఇష్టమే. మాకు దస్తావేజు చేయించుకోమని ఒకరు, గార్డియన్ పిటిషన్ వేయమని ఒకరు చెప్తున్నారు. హాస్పిటల్లో తెలిసినవాళ్లు బర్త్ సర్టిఫికెట్లో తల్లి పేరు మా ఆవిడది పెట్టించేస్తామన్నారు కూడా.

మహారాణిపేట ప్లీడరు
జాన్‌గారూ, ఆ చివరిమాట వినకండి. కనని తల్లి పేరు రాయించడం తప్పుడు సమాచారం ఇవ్వడమే, శిక్ష ఉంది. పైగా 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూలు, ఆధార్, పాస్‌పోర్టు అన్నింటికీ బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. తప్పుడు పునాది మీద బాబు జీవితమంతా నిలబడుతుంది.

1956 చట్టం మీకు వర్తించదు, కాబట్టి దత్తత దస్తావేజు మీకు పనికిరాదు. గార్డియన్ పిటిషన్ వేస్తే సంరక్షకులవుతారు, తల్లిదండ్రులు కారు. పైన చెప్పిన బంధువుల దత్తతకి మతంతో పని లేదు. మీరు మేనమామ కాబట్టి సరిపోతారు. తల్లి లేరు గనుక ఆవిడ మరణ ధ్రువపత్రం, తండ్రి సమ్మతి చాలు. ఇద్దరూ లేని బిడ్డ అయితే బాలల సంక్షేమ సమితి అనుమతి తీసుకోవాల్సి వచ్చేది.

వాల్తేరు జాన్
బావ సమ్మతి దుబాయి నుంచి పంపితే చాలా, మనిషి రావాలా? ఆయనకి సెలవు డిసెంబరు దాకా లేదు.

మహారాణిపేట ప్లీడరు
అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపించే పద్ధతి ఉంది గానీ, మన డీసీపీయూ దానికే ఒప్పుకుంటుందో, మనిషినే రమ్మంటుందో ముందు వాళ్లనే అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి ఇక్కడ నేను జవాబు ఇచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టించను.

గాజువాక సుజాత
ఇవాళ మా తోడికోడలితో ఒక్కదాన్నే మాట్లాడాను. మరిదీ అత్తగారూ లేకుండా. సార్ చెప్పినట్టే భయం ఏంటని అడిగాను. పొలం కాదండి. "ఆ రోజు నన్నెవరూ అడగలేదక్కా, ఇంటికొచ్చేసరికి పిల్ల లేదు" అంది. ఇన్నాళ్లూ ఆ మాట నాతో అనలేదు. సంతకం గురించి ఇక నేను మాట్లాడలేదు. పాపని తీసుకుని ఈ సెలవుల్లో ఊరికి వెళ్లి పది రోజులు ఉంటాను. వీలునామాలు మాత్రం ఈ వారమే రాయిస్తున్నాం, మావారు ఒప్పుకున్నారు. ఆమె ఒప్పుకుంటే కలెక్టర్ దారిలోనే వెళ్తాం. ఒప్పుకోకపోతే స్కూల్లో సంరక్షకులుగా మా పేర్లు, తల్లిదండ్రులుగా వాళ్ల పేర్లు రాయించొచ్చా?

మహారాణిపేట ప్లీడరు
రాయించొచ్చు, అదే నిజం కూడా. కన్నవాళ్లిద్దరూ సంతకం చేసిన ఒక ఉత్తరం స్కూలుకి ఇవ్వండి, పాప మీ దగ్గర ఉంటోందని, స్కూలు వ్యవహారాలు మీరు చూస్తారని. దానికి మీ తోడికోడలు అభ్యంతరం చెప్పకపోవచ్చు.